పుట్టిన తేదీ నుంచి జీవన మార్గ సంఖ్య: 11, 22 దగ్గర కూడిక ఎందుకు ఆగుతుంది

సంఖ్యాశాస్త్రంలో జీవన మార్గ సంఖ్య అంటే పుట్టిన తేదీలోని అంకెలన్నీ కలిపితే వచ్చే సంఖ్య. రోజు, నెల, సంవత్సరం, ఈ మూడూ లెక్కలోకి వస్తాయి. వచ్చిన మొత్తం రెండంకెలుంటే ఆ రెండంకెల్నీ మళ్లీ కలుపుతారు. ఒక్క అంకె మిగిలేదాకా ఇలాగే కలుపుతూ పోతారు. చివరికి మిగిలేది 1 నుంచి 9 లోపు ఏదో ఒక అంకె. లెక్క ఇంతే. అయితే దీనికి ఒక మినహాయింపు ఉంది. మధ్యలో 11 గానీ 22 గానీ వస్తే చాలామంది అక్కడే ఆగిపోతారు. 11ను 2 చేయరు. 22ను 4 చేయరు. ఎందుకు ఆగుతారు, ఆగితే లెక్క ఏమవుతుంది అన్నది ఈ ప్రసంగంలో అసలు విషయం.

ముందుగా పేర్ల సంగతి. తెలుగులో దీన్ని లైఫ్ పాత్ నంబర్ అని ఇంగ్లీషు పేరుతోనే పిలిచేవారున్నారు. విధి సంఖ్య అనేవారున్నారు, భాగ్యాంకం అనేవారూ ఉన్నారు. ఏ పేరుతో పిలిచినా పూర్తి తేదీ కావాలి. తేదీలోని రోజును మాత్రమే తీసుకుని కట్టే సంఖ్య వేరే ఉంది. దాన్ని మూలాంకం అంటారు, జన్మ సంఖ్య అని కూడా అంటారు. 28వ తేదీన పుట్టిన మనిషికి 2, 8 కలిపి 10, మళ్లీ 1, 0 కలిపి 1. అది మూలాంకం. నెలా సంవత్సరమూ అందులోకి రావు. ఇక పేరులోని అక్షరాలకు అంకెలిచ్చి కట్టేది మూడో సంఖ్య. పేరులో ఒక అక్షరం అదనంగా చేర్చుకోమని చెప్పేది ఆ మూడోదాని కోసమే. పేరు మార్చుకున్నా జీవన మార్గ సంఖ్య మారదు. అది పూర్తిగా తేదీ మీదే నిలబడి ఉంది.

ఒక తేలికైన తేదీతో మొదలుపెట్టవచ్చు. దగ్గర కాగితం, కలం ఉన్న శ్రోతలు వెంట వెంట రాసుకుంటే ఇంకా సులువు. నందమూరి తారక రామారావు పుట్టింది 1923 మే 28న. రోజు 28, నెల 5, సంవత్సరం 1923. అంకెల్ని వరసగా కలపాలి. 2, 8 కలిపితే 10. నెల 5 చేరిస్తే 15. ఇక సంవత్సరం. 1 చేరిస్తే 16, 9 చేరిస్తే 25, 2 చేరిస్తే 27, 3 చేరిస్తే 30. మొత్తం 30. ఇది రెండంకెల సంఖ్య కాబట్టి 3, 0 కలపాలి. వచ్చింది 3. కాబట్టి ఎన్.టి.ఆర్. జీవన మార్గ సంఖ్య 3. ఇక్కడ ఏ పేచీ లేదు. ఎవరు ఏ పద్ధతిలో కలిపినా 3 మాత్రమే వస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. సంవత్సరాన్ని పూర్తిగా నాలుగంకెలతో తీసుకోవాలి. వాడుకలో 23లో పుట్టాడు, 75లో పుట్టింది అంటుంటారు. ఆ అలవాటుతో 1923 బదులు 23 అని రాస్తే లెక్క తప్పుతుంది. 19 వదిలేస్తే 1, 9 కలిపిన 10 వదిలేసినట్టు. అప్పుడు ఎన్.టి.ఆర్. మొత్తం 30 కాక 20 అవుతుంది, సంఖ్య 3 కాక 2 అవుతుంది. గత శతాబ్దంలో పుట్టినవారికి ఈ పొరపాటు వల్ల ఫలితం ఎప్పుడూ ఒక మెట్టు తగ్గుతుంది. 1 రావలసినవారికి మాత్రం 9 వస్తుంది. ఫలితం ఒక్కటి తేడాతో వచ్చిందంటే ముందు సంవత్సరం ఎలా రాశారో చూడాలి.

ఇక పేచీ ఉన్న తేదీకి వద్దాం. పాములపర్తి వెంకట నరసింహారావు పుట్టింది 1921 జూన్ 28న. ఎన్.టి.ఆర్. పుట్టింది కూడా 28వ తేదీనే. నెల, సంవత్సరం వేరు. మళ్లీ వరసగా కలుపుదాం. 2, 8 కలిపి 10. నెల 6 చేరిస్తే 16. సంవత్సరంలోని 1 చేరిస్తే 17, 9 చేరిస్తే 26, 2 చేరిస్తే 28, చివరి 1 చేరిస్తే 29. మొత్తం 29. ఇప్పుడు 2, 9 కలపాలి. వచ్చేది 11. మామూలు నియమం ప్రకారం 1, 1 కలిపి 2 అనాలి. కానీ సంఖ్యాశాస్త్రజ్ఞుల్లో చాలామంది ఇక్కడ కలం పైకెత్తుతారు. పి.వి.ది 2 కాదు, 11 అంటారు.

ఇలా ఆగే సంఖ్యల్ని మాస్టర్ నంబర్లు అంటారు. మొదటి నుంచీ ఉన్నవి రెండు, 11, 22. తర్వాతి కాలంలో కొందరు 33ను కూడా చేర్చారు. 44 దాకా వెళ్లేవారూ ఉన్నారు. కానీ అందరూ కాస్త ఏకాభిప్రాయంతో వాడేవి 11, 22 మాత్రమే.

ఆగడానికి చెప్పే కారణం ఇది. 11లో 1 రెండుసార్లు ఉంది. 22లో 2 రెండుసార్లు ఉంది. ఒకే అంకె పక్కపక్కన నిలబడితే దాని బలం రెట్టింపవుతుందని ఆ సంప్రదాయం నమ్ముతుంది. పైగా 11ను కుదిస్తే 2 వస్తుంది. 2కు ఆ శాస్త్రంలో చెప్పే గుణాలు సర్దుబాటు, ఓర్పు, ఇద్దరి మధ్య నిలబడి పొత్తు కుదర్చడం. 11కు చెప్పేవి అంతర్దృష్టి, స్ఫూర్తి, ఇతరులకు దారి చూపడం. 11 వచ్చిన మనిషిలో 2కు చెప్పే గుణాలన్నీ ఉంటాయి, వాటికి మించి మరొకటి కూడా ఉంటుంది అంటారు. అలాగే 22ను కుదిస్తే 4. 4 అంటే క్రమశిక్షణ, కష్టపడి పని చేయడం, పునాది వేయడం. 22 అంటే అదే పనిని పెద్ద ఎత్తున, నలుగురికీ పనికివచ్చేలా చేయడం. అందుకే 22ను నిర్మాతల సంఖ్య అంటారు. 11ను 2గా రాసేస్తే, 22ను 4గా రాసేస్తే ఆ అదనపు అర్థం పోతుంది. పోకూడదని ఆగుతారు. అంటే ఇది లెక్క చెప్పిన నియమం కాదు. అర్థం కోసం పెట్టుకున్న నియమం. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ముందుముందు తేడాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

ఈ పద్ధతికి పైథాగరస్ పేరు పెట్టడం మామూలైపోయింది. పైథాగరస్ క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దపు గ్రీకు తత్వవేత్త. ఆయన రాతలేవీ మిగలలేదు. సంఖ్యలే సృష్టికి మూలమని ఆయన శిష్యులు భావించారన్నది నిజం. కానీ 28, 6, 1921 అని తేదీ రాసే పద్ధతి ఆయన కాలంలో లేదు. గ్రీకులు సంఖ్యల్ని తమ అక్షరాలతోనే రాసేవారు. ఒకట్ల స్థానం, పదుల స్థానం, మధ్యలో సున్నా ఉన్న అంకెల పద్ధతి భారతదేశంలో పుట్టి, అరబ్బుల ద్వారా ఎంతో ఆలస్యంగా ఐరోపాకు చేరింది. తేదీలోని అంకెలు కలపాలంటే ముందు ఆ అంకెలు ఉండాలి కదా. కాబట్టి జీవన మార్గ సంఖ్య పైథాగరస్ కట్టినది కాదు.

ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో తయారైంది. న్యూజెర్సీ రాష్ట్రంలో సముద్రతీరాన అట్లాంటిక్ సిటీ అనే ఊరుంది. అక్కడ ఉండే ఎల్. డౌ బాలియెట్ అనే రచయిత్రి ఆ కాలంలో సంఖ్యల స్పందనల గురించి వరసగా పుస్తకాలు రాసింది. ప్రతి సంఖ్యకూ ఒక స్పందన ఉంటుందని, పేరూ పుట్టిన తేదీ ఆ స్పందనను తెలియజేస్తాయని ఆమె చెప్పింది. 11, 22లను మిగతావాటి కంటే పై మెట్టున ఉంచి, కుదించకుండా చదివే సంప్రదాయం ఆ రచనల నుంచే తర్వాతివారికి అందింది. 1931లో వచ్చిన ఫ్లోరెన్స్ క్యాంప్‌బెల్ పుస్తకం లాంటివి దాన్ని ఇంకా స్థిరపరిచాయి. అంటే ఈ నియమం వయసు నూరేళ్లకు కాస్త పైన.

తెలుగువారికి ఎక్కువగా పరిచయమైన సంఖ్యాశాస్త్రం మాత్రం ఇంకో దారిలో వచ్చింది. అది కీరో దారి. కీరో అసలు పేరు విలియం జాన్ వార్నర్. ఐర్లండ్‌లో పుట్టిన హస్తసాముద్రికుడు. తన విద్య భారతదేశంలో నేర్చుకున్నానని చెప్పుకునేవాడు. ఆయన పద్ధతిలో పుట్టిన రోజుకే పెద్దపీట. రెండంకెల సంఖ్యలకు కూడా ఒక్కోదానికి ఒక్కో అర్థం ఇచ్చాడు. వాటిలో 11 శుభ సంఖ్య కాదు. దాగి ఉన్న ప్రమాదాలకు, నమ్మకద్రోహానికి హెచ్చరికగా దాన్ని చదివాడు. 22ను కూడా ఆయన మెచ్చుకోలేదు. ఇతరుల తెలివితక్కువతనాన్ని నమ్మి మోసపోయే మంచిమనిషికి అది గుర్తు అన్నాడు. ఒకవైపు బాలియెట్ సంప్రదాయం 11నూ 22నూ పై మెట్టున కూర్చోబెడుతుంది. మరోవైపు కీరో వాటి దగ్గర జాగ్రత్త అంటాడు. ఒకే సంఖ్య, రెండు తీర్పులు. మన ప్రాంతంలో చాలాచోట్ల పేరుకు కీరో పట్టిక, తేదీకి మాస్టర్ నంబర్లు కలిపి వాడుతుంటారు. అలా కలిపేటప్పుడు 11 వరమని ఒకరు, గండమని మరొకరు చెప్పడానికి కారణం ఇదే. ఇద్దరూ చదివిన పుస్తకాలు వేరు.

ఇప్పుడు మళ్లీ పి.వి. తేదీ దగ్గరకు రావాలి. అసలు చిక్కు అక్కడుంది. తేదీని కలపడానికి ఒకటి కాదు, మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది ఇంతకు ముందు చూసినదే. అన్ని అంకెల్నీ వరసగా కలుపుకుపోవడం. ఆ దారిలో పి.వి.కి 29, దాని నుంచి 11 వచ్చింది.

రెండో పద్ధతిలో రోజు, నెల, సంవత్సరాలను వేరువేరుగా కుదించి, ఆ తర్వాత కలుపుతారు. రోజు 28 కాబట్టి 10, దాని నుంచి 1. నెల 6. సంవత్సరం 1921. 1, 9, 2, 1 కలిపితే 13, దాని నుంచి 4. ఇప్పుడు 1, 6, 4 కలపాలి. వచ్చింది 11. ఈ దారిలోనూ పి.వి.ది 11 అయింది.

మూడో పద్ధతిలో రోజునూ నెలనూ సంవత్సరాన్నీ పూర్తి సంఖ్యలుగానే ఒకదాని కింద ఒకటి రాసి కలుపుతారు. 28కి 6 చేరిస్తే 34. 34కు 1921 చేరిస్తే 1955. ఇప్పుడు ఈ 1955లోని అంకెల్ని కలపాలి. 1, 9 కలిపి 10. 5 చేరిస్తే 15. మళ్లీ 5 చేరిస్తే 20. 20 నుంచి 2. ఈ దారిలో 11 కనబడనే లేదు. 20 మీదుగా నేరుగా 2కు వచ్చేసింది.

శ్రోతలు ఈ ఒక్కటి గమనించాలి. తేదీ అదే. మనిషి అదే. రెండు దారుల్లో మాస్టర్ నంబరు వచ్చింది, మూడో దారిలో రాలేదు.

దీనికి ఎదురుగా సరోజినీ నాయుడు తేదీని పెట్టి చూడవచ్చు. ఆమె హైదరాబాదులో 1879 ఫిబ్రవరి 13న పుట్టింది. వరసగా కలిపితే 1, 3, 2, ఆపైన 1, 8, 7, 9. మొత్తం 31. 3, 1 కలిపి 4. వేరువేరుగా కుదిస్తే రోజు 4, నెల 2, సంవత్సరం 25 నుంచి 7. మూడూ కలిపి 13. 1, 3 కలిపి 4. ఇంతవరకూ మాస్టర్ నంబరు జాడ లేదు. ఇక మూడో దారి. 13కు 2 చేరిస్తే 15. 15కు 1879 చేరిస్తే 1894. 1, 8, 9, 4 కలిపితే 22. పి.వి.కి ఏ దారి మాస్టర్ నంబరును దాచిందో, సరోజినీ నాయుడికి అదే దారి మాస్టర్ నంబరును బయటపెట్టింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? కారణం 9లో ఉంది. ఒక సంఖ్యలోని అంకెల్ని కలిపిన ప్రతిసారీ ఆ సంఖ్య నుంచి 9 కొన్నిసార్లు తీసేసినట్టవుతుంది. 28ను 10 చేస్తే పోయింది 18. అంటే రెండు తొమ్మిదులు. 29ను 11 చేస్తే పోయింది మళ్లీ 18. 11ను 2 చేస్తే పోయింది 9. ప్రతి పదీ ఒకటిగా మారేటప్పుడు తొమ్మిది జారిపోతుంది. వందకు తొంభైతొమ్మిది, వెయ్యికి తొమ్మిదివందల తొంభైతొమ్మిది. అవన్నీ 9తో నిశ్శేషంగా భాగించబడేవే. కాబట్టి ఎన్నిసార్లు కుదించినా, ఏ వరసలో కుదించినా, 9తో భాగిస్తే వచ్చే శేషం మారదు. చివరికి మిగిలే ఒంటి అంకె ఆ శేషమే. శేషం సున్నా అయితే మాత్రం దాన్ని 9 అని రాస్తారు.

పి.వి. సంగతే చూస్తే, 29ని 9తో భాగిస్తే శేషం 2. 1955ను 9తో భాగించినా శేషం 2. 11ను భాగించినా 2. అందుకే ఏ దారిలో వెళ్లినా చివరిదాకా వెళ్తే అందరూ 2 దగ్గరే కలుసుకుంటారు. కానీ మధ్యలో ఏయే సంఖ్యల మీదుగా వెళ్తారన్నది దారిని బట్టి మారుతుంది. ఒకరు 11 మీదుగా వెళ్తారు. ఇంకొకరు 20 మీదుగా వెళ్తారు. మరోసారి చెప్పుకోవలసిన మాట ఇది. ఒంటి అంకె తేదీకి చెందినది. 11, 22 మాత్రం తేదీతో పాటు, కలిపిన పద్ధతికి కూడా చెందినవి.

దీని నుంచి ఒక మంచి పరీక్ష దొరుకుతుంది. లెక్క సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే రెండు దారుల్లో కలిపి, రెండింటినీ ఒంటి అంకె దాకా కుదించి చూడాలి. రెండూ ఒకటే కావాలి. ఒకచోట 2, ఇంకోచోట 3 వచ్చిందంటే పద్ధతుల తేడా కాదు, కూడికలో పొరపాటు. ఒకచోట 11, ఇంకోచోట 2 వస్తే మాత్రం పొరపాటు లేదు. ఒకరు ముందు ఆగారు, మరొకరు ఆగలేదు, లేదా ఇంకో దారిలో వచ్చారు.

రెండో పద్ధతిలో ఇంకో మలుపు కూడా ఉంది. నవంబర్ 11వ నెల. దాన్ని 11గానే ఉంచాలా, 2 చేయాలా? కొందరు మధ్యలో వచ్చే మాస్టర్ నంబర్లను కూడా కుదించరు. ఉదాహరణకు 1989 నవంబర్ 2 అనే తేదీ తీసుకుంటే, రోజు 2. సంవత్సరం 27, దాని నుంచి 9. నెలను 11గా ఉంచితే 2, 11, 9 కలిపి 22. నెలను 2 చేస్తే 2, 2, 9 కలిపి 13, దాని నుంచి 4. ఒకే పద్ధతిలో, ఒక్క చిన్న నిర్ణయం మీద, ఒకరికి 22 వచ్చింది, ఇంకొకరికి 4 వచ్చింది. 11, 22, 29 తేదీల్లో పుట్టినవారికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఎవరు లెక్క కట్టినా ఈ నిర్ణయం ముందే తీసుకుని, అందరి తేదీలకూ ఒకేలా పాటించాలి. ఒకరికి 22 రావాలని 11ను ఉంచి, ఇంకొకరికి తీసేస్తే అది లెక్క అనిపించుకోదు.

మాస్టర్ నంబర్లు అరుదైనవి అనే మాట తరచుగా వినబడుతుంది. మొదటి పద్ధతిలో ఇది ఎంతవరకు నిజమో ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1900 నుంచి 1999 దాకా పుట్టినవారిని తీసుకుందాం. వారందరి సంవత్సరంలోనూ 1, 9 ఉన్నాయి. అంటే 10 ముందే చేతిలో ఉంది. అన్నింటికంటే చిన్న మొత్తం 1900 జనవరి 1కి వస్తుంది. అది 12. కాబట్టి ఆ నూరేళ్లలో ఎవరికీ మొత్తం నేరుగా 11 రాదు. చివరికి 2 కావలసినవారికి మొదట వచ్చే మొత్తం 20, 29, 38, 47, ఈ నాలుగింటిలో ఏదో ఒకటే. 20 వస్తే 2. మిగతా మూడింటిలో ఏది వచ్చినా ముందు 11 అవుతుంది. పైగా ఆ శతాబ్దపు తేదీలన్నిటి మొత్తాలకు సగటు తీస్తే దాదాపు 29 దగ్గరే వస్తుంది. అంటే 29 అరుదైన మొత్తం కాదు. నట్టనడుమ కూర్చున్న మొత్తం. కాబట్టి వరసగా కలిపే పద్ధతిలో, గత శతాబ్దంలో పుట్టినవారిలో, 11 కంటే మామూలు 2 అరుదు. మాస్టర్ నంబరు వచ్చిందని సంబరపడేవారు, రాలేదని చిన్నబుచ్చుకునేవారు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

22 సంగతి వేరు. ఆ నూరేళ్లలో 4 కావలసినవారికి మొత్తం 13, 22, 31, 40లలో ఒకటి వస్తుంది. 13, 31, 40 మూడూ నేరుగా 4 అవుతాయి. సరిగ్గా 22 వచ్చినవారు మాత్రమే ఆగుతారు. అందుకే 22 కంటే 11 ఎక్కువగా కనబడుతుంది. 2000 తర్వాత పుట్టిన పిల్లల విషయంలో లెక్క మారిపోయింది. సంవత్సరంలో 2, 0 మాత్రమే ముందుగా ఉండటంతో మొత్తాలు బాగా చిన్నవయ్యాయి. 2007 జనవరి 1న పుట్టిన బిడ్డకు మొత్తం నేరుగా 11 వస్తుంది. 20 కూడా ఇప్పుడు చాలా తేదీలకు వస్తుంది. కాబట్టి మామూలు 2 మళ్లీ కనబడుతోంది. పిల్లల స్వభావాలు శతాబ్దం మారగానే మారలేదు. సంవత్సరం రాసే అంకెలు మారాయి.

అంకెల దాకా వచ్చాక, ఆ తేదీ ఎక్కడిదన్న ప్రశ్న కూడా వస్తుంది. జీవన మార్గ సంఖ్యకు తీసుకునేది ఇంగ్లీషు క్యాలెండర్ తేదీ. ఈ క్యాలెండర్ 1582లో సవరించినది. బ్రిటన్, దాని అమెరికా వలసలు 1752లో మాత్రమే దానికి మారాయి. ఆ మార్పు జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజునే మార్చేసింది. పాత లెక్కలో ఆయన 1731 ఫిబ్రవరి 11న పుట్టాడు. ఆ రోజుల్లో అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కొత్త లెక్కలో అదే రోజు 1732 ఫిబ్రవరి 22 అయింది. పాత తేదీని వరసగా కలిపితే 16, దాని నుంచి 7. కొత్త తేదీని కలిపితే 19, దాని నుంచి 10, చివరికి 1. మనిషి పుట్టిన క్షణం ఒకటే. ఒక చట్టం వచ్చాక ఆయన సంఖ్య 7 నుంచి 1కి మారింది. మూలాంకం చోట కూడా పాత తేదీలో 11, కొత్త తేదీలో 22 వచ్చి కూర్చున్నాయి. తేదీ ప్రకృతిలో ఉన్నది కాదు, మనుషులు ఒప్పుకుని రాసుకున్నది అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

మన దగ్గర ఇదే ప్రశ్న వేరే రూపంలో వస్తుంది. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. తెల్లవారుజామున 3 గంటలకు పుట్టిన బిడ్డకు ఆస్పత్రి కాగితం మీద కొత్త తేదీ ఉంటుంది. పంచాంగం చూసేవారికి మాత్రం అది ఇంకా నిన్నటి రోజే. కొందరు సంఖ్యాశాస్త్రజ్ఞులు సూర్యోదయాన్నే పట్టుకుంటారు, ఎక్కువమంది అర్ధరాత్రిని పట్టుకుంటారు. ఒక రోజు అటూ ఇటూ అయితే సంఖ్య మారిపోతుంది. ఇక బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన పుట్టిన తేదీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దతరంలో ఎందరికో సర్టిఫికెట్‌లో ఒక తేదీ, ఇంట్లో అమ్మ చెప్పే తిథి మరొకటి. తిథి, మాసం, తెలుగు సంవత్సరం పేరు తెలిస్తే పాత పంచాంగం చూసి ఇంగ్లీషు తేదీ రాబట్టవచ్చు. అది తెలియకుండా బడి తేదీతో కట్టిన సంఖ్య ఆ మాస్టారు కలం నుంచి వచ్చిన సంఖ్య అవుతుంది.

పుట్టిన తేదీలోని అంకెల మొత్తం మనిషి స్వభావాన్నో భవిష్యత్తునో చెబుతుందనడానికి పరీక్షకు నిలిచిన ఆధారం లేదు. 11కు స్ఫూర్తి, 22కు నిర్మాణం అనే అర్థాలు ఒక సంప్రదాయం ఇచ్చినవి. ఆ సంప్రదాయాన్ని ఇష్టంగా పాటించేవారు ఎందరో ఉన్నారు. పాటించేవారికైనా లెక్క నిజాయితీగా ఉండాలి. డబ్బు, పెళ్లి, ఉద్యోగం లాంటి నిర్ణయాలను మాత్రం ఈ లెక్క మీద నిలబెట్టకూడదు. సంఖ్య కలవలేదని కుదిరిన సంబంధం వదులుకున్న ఇంట్లో ఆ తేదీని మరో దారిలో కలిపితే ఏమొచ్చేదో ఎవరూ అడగరు. అడిగి ఉండాల్సింది.

లెక్క రాసుకునేటప్పుడు పాత సంఖ్యాశాస్త్ర పుస్తకాల్లో ఒక మంచి అలవాటు కనిపిస్తుంది. చివరి అంకె ఒక్కటే రాయకుండా, దాని ముందున్న సంఖ్యను కూడా గీత పెట్టి పక్కన రాస్తారు. పి.వి. తేదీకి వరస కూడికలో 29, 11, 2 అని మూడూ రాస్తారు. నిలువు కూడికలో 20, 2 అని రాస్తారు. సరోజినీ నాయుడికి ఒక దారిలో 31, 4 అని, ఇంకో దారిలో 22, 4 అని రాస్తారు. ఇలా రాస్తే 11 దగ్గర ఆగేవారికీ 2 దాకా వెళ్లేవారికీ అదే కాగితం పనికొస్తుంది. ఏ పద్ధతి వాడారో పక్కన ఒక్క మాట రాస్తే, తర్వాత చూసేవారు లెక్కను తిరిగి కట్టి సరిచూసుకోవచ్చు. ఎవరైనా మీది 11, మీది 22 అని చెప్పినప్పుడు శ్రోతలు అడగవలసిన ప్రశ్నలు కూడా ఇవే. ఏ తేదీ తీసుకున్నారు? వరసగా కలిపారా, విడివిడిగా కుదించారా, నిలువుగా కలిపారా? నవంబరునో, 11వ తేదీనో, 29వ తేదీనో మధ్యలో కుదించారా, ఉంచారా? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ 11 ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీదే కనబడుతుంది.